తొంభై ఎనిమిది పాళ్ళ బావమరిది, రెండు పాళ్ళ అత్తగారు

మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో మీటర్ బాబాయి అని ఒకాయన ఉన్నాడు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. నడుముకి కరెంటు కొలిచే మల్టీమీటర్ వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి మీటర్ బాబాయి. ల్యాబ్ అసిస్టెంటుగా ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఈ ఇరవై ఆరేళ్ళలో ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఎవరినీ కాదనలేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ మాట ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

నా సంగతి వేరు. నేను అదే ల్యాబ్‌లో లెక్చరర్ని, ముక్కు మీద కోపం ఉన్నదాన్ని. నేను తప్పు చేసినా సరే, గట్టిగా చేస్తాను. మా ఇద్దరికీ ఒకే గది, ఒకే బల్ల, ఒకే ఫ్యాను. ఆ ఫ్యాను కూడా ఆయన వైపు తిరిగినప్పుడల్లా ఆయనే లేచి నా వైపు తిప్పేవాడు. వద్దన్నా వినడు. ఆయన వినని మాట అదొక్కటే.

ఆ ఏడాది మా ల్యాబ్‌కి గండం వచ్చింది. హెడ్డాఫీసు నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వస్తోందన్నారు. ఏ ల్యాబ్ బతికుందో, ఏది బూజు పట్టిందో చూసి రాసుకుపోతారట. వాళ్ళ ఫారంలో ఒక గడి ఉంది: పనిచేసే నమూనా ఉందా, లేదా. ఉంటే ల్యాబ్ ఉంటుంది. లేకపోతే గదికి తాళం. నన్నంటే ఇంకో సబ్జెక్టులోకి తోస్తారు, బాబాయిని మాత్రం వెనక బిల్డింగులో పాత జవాబు పత్రాల గదికి పంపిస్తారు, కట్టలు కట్టడానికి. టంకం వాసన పీలిస్తే గాని టీ దిగని మనిషి అక్కడికి వెళ్ళి పురికొస ముడులు వేసుకుంటూ కూర్చోవాలి. ఆ కబురు విన్న రోజు బాబాయి మీటర్ తీసి, బాగానే ఉన్న బ్యాటరీని నాలుగు సార్లు కొలిచాడు.

మాకున్న పనిచేసే నమూనా ఒక్కటే, మా రోబో. మోకాలంత ఎత్తు. కింద రెండు చక్రాలు, వాటికి రెండు మోటార్లు, పైన మూడు అంతస్తుల పలకలు, నెత్తిన బ్యాటరీ. ముందుకి వాలితే చక్రాలు ముందుకి పరుగెత్తి కిందికి చేరాలి, వెనక్కి వాలితే వెనక్కి. మనం అరచేతిలో చీపురు నిలబెట్టి ఆడినట్టే. దీనికంతటికీ ఒక్క విషయం తెలియాలి: ఈ క్షణాన ఇది ఎంత వాలింది? అది చెప్పడానికి మధ్య పలక మీద గోరంత చిప్పు. అందులో ఇద్దరు సాక్షులు, గైరో ఒకరు, యాక్సెలెరోమీటర్ ఒకరు. ఇద్దరిలో ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మడానికి లేదు.

పిల్లలకి ఈ పాఠం నేను బోర్డు మీద సమీకరణం రాసి చెప్పాను. నలభై మంది ఆవలించారు. బోర్డు తుడవడానికి వచ్చిన బాబాయి, డస్టర్ చేత్తో పట్టుకుని, నా వైపు భయంగా చూసి, "ఒక్క మాట చెప్పనామ్మా?" అన్నాడు. చెప్పమన్నాను.

"మా బావమరిది ఉన్నాడు. వాణ్ణి ఊళ్ళోకి పంపిస్తే ప్రతి మలుపూ గుర్తు పెట్టుకుంటాడు. ఇప్పుడింత తిరిగాను, ఇప్పుడింత తిరిగాను అని టకటకా చెప్తాడు. వాడే గైరో. ఎంత వేగంగా తిరుగుతున్నామో చెప్తాడు, మనం ఆ ముక్కలన్నీ కూడుకుంటే ఎంత తిరిగామో తెలుస్తుంది. కాకపోతే ప్రతి మలుపులోనూ పిసరంత తప్పు. పిసరూ పిసరూ చేరి సాయంత్రానికి మా ఇంటికని చెప్పి పక్కింటి తలుపు కొడతాడు."

పిల్లలు నిద్ర లేచారు.

"ఇక మా అత్తగారు. ఆవిడ యాక్సెలెరోమీటర్. కింద ఎటుందో, పైన ఎటుందో ఆవిడకి ఎప్పుడూ తెలుసు, భూమి లాగుతున్న వైపు చూసి చెప్తుంది. రోజంతా వింటే ఆవిడ మాటే నిజం. కానీ వంటింట్లో గిన్నె పడితే చాలు, ఇల్లు కూలిందని కేకలు వేస్తుంది. చక్రం కాస్త జోరుగా కదిలితే వాలిపోయామనేస్తుంది. ఆ క్షణానికి ఆవిణ్ణి నమ్మితే మనం కూడా వీధిలోకి పరుగెత్తాలి."

"మరెవర్ని నమ్మాలి బాబాయ్?" ఎవరో అడిగారు.

"ఇద్దర్నీ. బావమరిది మాట తొంభై ఎనిమిది పాళ్ళు, అత్తగారి మాట రెండు పాళ్ళు. కలిపితే అదే కాంప్లిమెంటరీ ఫిల్టర్. క్షణక్షణానికీ వాడు చెప్పినట్టు నడుస్తాం. రెండు పాళ్ళే కదా అని ఆవిణ్ణి తీసిపారెయ్యకండి. సెకనుకి వంద సార్లు చెప్తుంది. వాడు దారి తప్పుతుంటే నెమ్మదిగా చెవి పట్టుకుని వెనక్కి లాక్కొస్తుంది. గిన్నె చప్పుడుకి వేసిన కేకలు మాత్రం, అటోటి ఇటోటి, వాటిలో అవే కొట్టుకుపోతాయి."

తర్వాత పరీక్షలో నలభైకి ముప్పై ఏడు మంది సరిగ్గా రాశారు. నలుగురైదుగురు గైరో స్థానంలో బావమరిది అనే రాశారు, నేను మార్కులు వేశాను. నా ఎమ్‌టెక్ పట్టా చూసి ఆ రోజు నాకు కాస్త జాలి వేసింది.

రోబో బాగానే నిలబడేది. పద్ధతి ఇది: బాబాయి చెక్కతో చేసిన ఏటవాలు పీట ఒకటుంది. రోబోని దాని మీద చేరగిలబెట్టి స్విచ్ వెయ్యాలి. తర్వాత తిన్నగా లేపి నిలబెడితే చక్రాలు అందుకుంటాయి, చెయ్యి వదిలెయ్యొచ్చు. నేను వేసినా, పిల్లలు వేసినా, బాబాయి వేసినా టింగురంగా అని నిలబడేది. వేలితో తోస్తే తూలి మళ్ళీ సర్దుకునేది.

మా ప్రిన్సిపాల్ గారు వేస్తే మాత్రం పడిపోయేది.

ప్రిన్సిపాల్ గారు చెడ్డవారు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పిల్లలంటే ప్రాణం పెడతారు. ఆయనకున్న ఒకే ఒక బలహీనత ప్రారంభోత్సవం. కాలేజీలో కొత్త కుళాయి వేసినా మొదటి చెంబు నీళ్ళు ఆయనే పట్టాలి. రోబోని చూడటానికి ఎవరొచ్చినా ఆయనే ముందుకొచ్చి, "స్విచ్ నేనే వేస్తా" అనేవారు. వేసేవారు. రోబో రెండు మూడు సెకన్లు నిలబడి అందరికీ ఆశ పెట్టి, ఉన్నట్టుండి ఒక పక్కకి పరుగు లంకించుకుని, బల్ల కోడుకి గుద్దుకుని బోర్లా పడేది. వచ్చినవాళ్ళు మర్యాదకి చప్పట్లు కొట్టేవారు. స్టాఫ్ రూములో మాత్రం "ఆయన చెయ్యి మంచిది కాదు" అని చెవులు కొరుక్కునేవారు.

చెయ్యి మంచిదీ చెడ్డదీ అన్న మాటలు నాకు ఒళ్ళు మంట. నేను సైన్సు చదువుకున్నదాన్ని. కాబట్టి సైన్సు ప్రకారం తప్పు పని చేశాను, ఫిల్టర్ నంబరు మీద పడ్డాను.

తొంభై ఎనిమిదిని తొంభైకి తగ్గించాను. అత్తగారి పాలు పదికి పెరిగింది. మోటారు కదిలినప్పుడల్లా ఆవిడ ఇల్లు కూలిందంది, రోబో చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ప్రిన్సిపాల్ గారి చేతిలో పడే పరుగు కాస్త నెమ్మదించింది గాని, అలా వణికేదాన్ని ఎవరికి చూపిస్తాం? సరే అని వెయ్యికి తొమ్మిదివందల తొంభై ఎనిమిదికి పెంచాను. బావమరిదికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ప్రిన్సిపాల్ గారు స్విచ్ వేశారు, రోబో తలుపు దాటి వరండాలోకి పరుగెత్తింది. నేను మళ్ళీ మార్చాను, మళ్ళీ మార్చాను. ఒక్కో నంబరు మార్చినప్పుడల్లా బాబాయి పక్కనే నిలబడి, నోరు తెరిచి, నీళ్ళు నమిలి, మూసుకునేవాడు. "ఏంటి బాబాయ్?" అంటే, "ఏం లేదమ్మా, టీ తెమ్మంటారా అని" అనేవాడు. ఆ నెలలో నేను తాగినన్ని టీలు జన్మలో తాగలేదు.

కమిటీ రావడానికి పది రోజులుంది. పొద్దున నేను వచ్చేసరికి నా కుర్చీకి ఎదురుగా బాబాయి రిజిస్టర్ తెరిచి ఉంది. ఆయన ప్రతిదీ రాస్తాడు. ఏ వైరు ఎప్పుడు తెగింది, ఏ స్క్రూ ఎప్పుడు పోయింది, మళ్ళీ ఏ బల్ల కింద దొరికింది. రోబోకి ఒక రిజిస్టరే ఉంది. తేదీ, స్విచ్ వేసినది ఎవరు, ఫిల్టర్ నంబరు, ఎంతసేపు నిలబడింది. పెన్ను ఆ పేజీ మధ్యలో పెట్టి మర్చిపోయినట్టున్నాడు. పెన్ను తియ్యబోతూ చూశాను.

నలభై రెండు సార్లు స్విచ్ వేశాం. తొమ్మిది సార్లు పడింది. పడిన తొమ్మిదికీ ఎదురుగా, "స్విచ్ వేసినది" అన్న గడిలో, "పై అధికారి" అని గుండ్రంగా రాసి ఉంది. నిలబడిన ముప్పై మూడింటిలో ఒక్క పై అధికారి కూడా లేడు. ఫిల్టర్ నంబరు ఏదైనా ఒకటే.

"బాబాయ్!" అని అరిచాను. "ఇలా రా! నేను కనిపెట్టేశాను!"

ఆయన టంకం కడ్డీ పక్కన పెట్టి గబగబా వచ్చాడు. "ఏంటమ్మా?" అన్నాడు. మొహంలో ఎంతో ఆశ్చర్యం.

"చూడు, ప్రిన్సిపాల్ గారు వేస్తేనే పడుతోంది. చెయ్యి మంచిది కాకపోవడం ఏమిటి, ఆయన ఏదో వేరేగా చేస్తున్నారు. ఆయన వచ్చినప్పుడు ఏం చేస్తారు? మొదట్నించీ చెప్పు."

బాబాయి తల దించుకుని, ఎవరి మీదో చాడీ చెప్తున్నట్టు గొంతు తగ్గించాడు. "పీట వాడరమ్మా. రెండు చేతులతో ఎత్తుకుంటారు. ఎత్తుకునే స్విచ్ వేస్తారు. వేసి, 'చూడండి, ఇదీ దీని కడుపు' అని ముందుకి వంచి అందరికీ చూపిస్తారు. అప్పుడు కింద పెడతారు."

నేను రోబోని చంకనెత్తుకున్నాను. ప్రిన్సిపాల్ గారిలా గొంతు సవరించుకుని, "సోదర సోదరీమణులారా" అన్నాను. స్విచ్ వేశాను, వంచి కడుపు చూపించాను, నేల మీద పెట్టి వదిలాను. మూడో సెకనులో పరుగెత్తి చెత్తబుట్టని గుద్దింది. ఆనందంతో నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఈసారి బాబాయి ఎత్తుకున్నాడు. ఊపిరి బిగబట్టి, కదలకుండా, పసిపిల్లని నిద్రపుచ్చేవాడిలా నిలబడి స్విచ్ వేశాడు. రెండు సెకన్లు ఆగి కింద పెట్టాడు. నిలబడింది. అంటే ఎత్తుకోవడం తప్పు కాదు, ఉపన్యాసం తప్పు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సంగతి ఇది. స్విచ్ వెయ్యగానే మొదటి రెండు సెకన్లూ గైరో తన సున్నా ఎక్కడుందో చూసుకుంటుంది. ఎందుకంటే ఏ గైరో కూడా ఊరికే కూర్చున్నప్పుడు సరిగ్గా సున్నా చూపించదు, కాస్తో కూస్తో తిరుగుతున్నానంటుంది. ఆ కాస్తని రెండు వందల సార్లు కొలిచి, సగటు తీసి, ఇక మీదట ప్రతి లెక్కలోనూ అంత తీసేస్తాం. ఏటవాలుగా పడుకుని ఉన్నా ఫరవాలేదు, కదలకపోతే చాలు. చేతి వణుకు కూడా ఫరవాలేదు, అటూ ఇటూ పోయి సగటులో మాయమైపోతుంది. కానీ ప్రిన్సిపాల్ గారు సరిగ్గా ఆ రెండు సెకన్లలోనే కడుపు చూపించడానికి ఇరవై డిగ్రీలు ముందుకి వంచేవారు. సెకనుకి పది డిగ్రీల తిరుగుడుని పట్టుకుని, "ఓహో, కదలకపోవడం అంటే ఇదన్నమాట" అనుకునేది రోబో. కింద పెట్టి కదలకుండా ఉంచితే, వెనక్కి సెకనుకి పది డిగ్రీలు తిరిగిపోతున్నానని హడలిపోయేది.

"బావమరిదికి మందు పట్టించి దారి చెప్పమన్నట్టు," అన్నాడు బాబాయి.

"మరి అత్తగారు లాగదా వెనక్కి?"

"లాగుతుందమ్మా, రెండు పాళ్ళూ పెట్టి లాగుతుంది. వాడు అటు, ఆవిడ ఇటు. లాగీ లాగీ ఒక చోట ఆగిపోతారు." చేత్తో లెక్కేసి చూపించాడు. సెకనుకి వంద సార్లు, తొంభై ఎనిమిదికి రెండు, పది డిగ్రీల తప్పు. దాదాపు ఐదు డిగ్రీల దగ్గర తూగుతుంది. తిన్నగా నిలబడి కూడా ఐదు డిగ్రీలు వాలానని అనుకునే జీవి, లేని వాలుని సర్దుకోబోయి పరుగెత్తక ఏం చేస్తుంది? నేను బావమరిది పాలు పెంచితే ఎక్కువ పరుగెత్తడం, తగ్గిస్తే వణకడం, అన్నీ అందుకే. నెల రోజులు నేను తూకం రాళ్ళు మారుస్తూ కూర్చున్నాను, తప్పేమో తూచే వస్తువులో ఉంది.

"సరే, వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి చెప్పెయ్ బాబాయ్. ఎత్తుకోవద్దు, పీట మీద పెట్టి వెయ్యమను."

బాబాయి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "నేనామ్మా?"

"నేను చెప్తే ఆయన అరగంట మాట్లాడతారు. నువ్వు చెప్తే వింటారు."

"ఆయనకి అదొక్కటే సరదామ్మా," అన్నాడు బాధగా. "తొమ్మిది సార్లు పడ్డది మీ వల్లేనని మొహం మీద ఎలా అంటాం?"

కట్టలు కట్టే గదికి పోబోయే మనిషి అన్న మాట ఇది. నాకు ఒళ్ళు మండింది. అరిచాను కూడా. ఆయన టీ తెచ్చాడు.

మర్నాడు పొద్దున మొహం వెలిగిపోతూ వచ్చాడు. కాగితం మీద ప్రోగ్రాం రాసుకొచ్చాడు. "మనం చెప్పక్కర్లేదమ్మా. రోబోయే చెప్తుంది. రెండు వందల కొలతల్లో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా చూద్దాం. కదలకుండా ఉంటే తేడా సెకనుకి ఒక డిగ్రీ కూడా ఉండదు. ఎక్కువుంటే ఎవరో కదుపుతున్నట్టు. ఆ సగటు పారేసి మళ్ళీ మొదలెట్టాలి. నెమ్మదిగా ఒకే తీరున తిప్పేవాళ్ళుంటే దొరకరు, అందుకని సగటు కూడా హద్దు దాటకూడదని పెడదాం. అప్పటిదాకా ఎర్ర దీపం, మోటార్లు కదలవు. రెండు సెకన్లు పూర్తిగా నిలకడగా ఉంటే పచ్చ దీపం, ఒక కూత."

వంక పెట్టడానికి లేదు. నేను దాన్ని రోబోలోకి ఎక్కించాను. ప్రిన్సిపాల్ గారి అనుకరణ ముప్పై సార్లు చేసి చూశాను, ఉపన్యాసం ఉన్నంతసేపూ ఎర్రగానే ఉంది. ఫిల్టర్ని బుద్ధిగా తొంభై ఎనిమిదికి తెచ్చి పెట్టాను. ఒక మనిషికి ఒక్క మాట చెప్పే ధైర్యం లేక ముప్పై లైన్ల ప్రోగ్రాం రాసినవాణ్ణి నేను ఈయన్నే చూశాను.

కమిటీ వచ్చింది. ముగ్గురూ గంభీరంగా ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని ఫారం చేత పట్టుకుంది. "ఒక నిమిషం నిలబడితే చాలు," అంది. "మాకింకా నాలుగు ల్యాబులున్నాయి."

"స్విచ్ నేనే వేస్తా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఎత్తుకున్నారు. వేశారు. ఎర్ర దీపం వెలిగింది. "మహాశయులారా, ఇదీ దీని కడుపు," అని వంచారు. ఇటు వంచారు, అటు వంచారు. ఎర్రగానే ఉంది. కింద పెట్టబోయి దీపం చూసి ఆగారు. మామూలుగా ఎర్ర దీపమంటే ఏమిటి? చెడిపోయిందని. ఆయన కూడా అదే అనుకున్నారు. చెడిపోయిన వస్తువుని ఏం చేస్తారు? ఊపుతారు. ఊపారు.

మేం అన్నీ ఆలోచించాం, ఇదొక్కటే ఆలోచించలేదు.

స్విచ్ తీసి మళ్ళీ వేశారు. చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. "నిన్నటిదాకా బాగుందండీ," అన్నారు కమిటీతో, చెమటలు కక్కుతూ. ఆయనకి పాపం నిజంగానే బాధ, ల్యాబ్ పోకూడదని ఆయనకీ ఉంది. అందుకే ఇంకా గట్టిగా ఊపారు. పెద్దావిడ గడియారం చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. పెన్ను మూత తీసి ఫారం మీద "లేదు" అన్న గడి దగ్గరికి తెచ్చింది.

నేను నోరు తెరవబోయాను. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని పక్కకి జరిపారు. బాబాయి. ముందుకి వెళ్ళాడు. నడుముకున్న మీటర్ ఊగుతోంది. పీట తెచ్చి నేల మీద పెట్టాడు. ప్రిన్సిపాల్ గారికి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, దాన్ని కింద పెట్టండి."

ప్రిన్సిపాల్ గారు ఊపడం ఆపి చూశారు.

"పీట మీద పెట్టండి. చెయ్యి తియ్యండి." అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళ మాటలు ఒక్కసారి గుమ్మం దాకా వచ్చినట్టున్నాయి. "మీరు మాట్లాడకండి సార్. మాట్లాడితే మీ చెయ్యి ఊరుకోదు."

ప్రిన్సిపాల్ గారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. చెప్పింది విన్నారో, విస్తుపోయి చేశారో తెలియదు గాని, రోబోని పీట మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. ఒక సెకను. రెండో సెకను. మా కాలేజీ చరిత్రలో ప్రిన్సిపాల్ గారు అంతసేపు మౌనంగా ఉన్నది అదే మొదటిసారి.

కుయ్యిమని కూత. పచ్చ దీపం.

"ఇప్పుడు తిన్నగా లేపి వదలండి సార్," అన్నాడు బాబాయి, మామూలు గొంతుతో. వదిలారు. నిలబడింది. నిమిషం దాటింది, రెండు నిమిషాలు దాటింది. పెద్దావిడ వేలితో తోసింది, తూలి సర్దుకుంది. ఇంకోసారి గట్టిగా తోసింది. మళ్ళీ సర్దుకుంది. నాలుగు ల్యాబుల మాట మర్చిపోయి నేల మీద చతికిలబడి, "ఆ రెండు సెకన్లు ఎందుకు?" అని అడిగింది. బాబాయి బావమరిదిని, అత్తగారిని తీసుకొచ్చాడు. రెండు పాళ్ళ దగ్గర ఆవిడ ఎంత నవ్విందంటే కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. "మా ఇంట్లో నేనే ఆ అత్తగార్ని," అంటూ "ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టింది.

సాయంత్రం కమిటీ వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు ఒక్కరే ల్యాబ్‌కి వచ్చారు. బాబాయి లేచి నిలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏమయ్యా, ఇంతకు ముందు ఎన్నిసార్లు పడింది నా వల్ల?"

"తొమ్మిది సార్," అన్నాడు. అబద్ధం కూడా రాదు ఆయనకి.

"రాసి పెట్టావా?"

రిజిస్టర్ ఇచ్చాడు. ప్రిన్సిపాల్ గారు కూర్చుని ఒక్కో పేజీ చూశారు. జేబులోంచి పెన్ను తీసి, "పై అధికారి" అన్న చోటల్లా కొట్టేసి, "ప్రిన్సిపాల్" అని రాశారు. తొమ్మిది చోట్లా. అంతా అయ్యాక రిజిస్టర్ మూయబోయి వెనక అట్ట లోపలి వైపు ఆగారు. పెన్సిలుతో ఏదో రాసి ఉంది. పైకి చదివారు.

"'పడటానికి కారణం, చేతిలో పట్టుకుని వంచుతూ స్విచ్ వెయ్యడం. సున్నా తప్పు తీసుకుంటోంది. మేడం గారు ఫిల్టర్ నంబరు మార్చడం వృథా. ఎలా చెప్పాలో తెలియడం లేదు.'" కింద తేదీ. నేను కనిపెట్టేశానని అరిచిన రోజుకి సరిగ్గా మూడు వారాల ముందు తేదీ.

పెన్ను ఆ పేజీ మధ్యలో ఎందుకు మర్చిపోయాడో అప్పుడు తెలిసింది. నోరు తెరిచి నీళ్ళు నమిలిన ప్రతిసారీ చెప్పబోయింది టీ గురించి కాదని కూడా తెలిసింది. బాబాయి భయపడేది ప్రిన్సిపాల్ గారికి ఒక్కరికే అనుకున్నాను ఇన్నాళ్ళూ, నాకు కూడానట. నాకు సిగ్గేసింది. నిజంగా, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత సిగ్గు.

"మన ఇద్దరి చేతులూ మంచివి కాదన్నమాట మేడం," అన్నారు ప్రిన్సిపాల్ గారు, వెళ్ళిపోతూ.

మర్నాడు నేను కొత్త సెన్సర్ బిగిస్తూ కూర్చున్నాను. బాబాయి టంకం వేసుకుంటూ అటు తిరిగి ఉన్నాడు. ఫ్యాను ఆయన వైపే తిరిగి ఉంది, లేచి తిప్పలేదు. కాసేపటికి తల తిప్పి నా చేతి వైపు చూశాడు. నోరు తెరిచాడు. నేను ఊపిరి బిగబట్టాను.

"తప్పమ్మా," అన్నాడు. "ఆ రెండు వైర్లూ తారుమారు చేశారు."

నాకు కోపం రాబోయింది. రెండు సెకన్లు కదలకుండా కూర్చున్నాను. వైర్లు మార్చి, నేనే లేచి వెళ్ళి ఆయనకి టీ తెచ్చాను.